ప్రొడక్ట్ ఉంటే పిరమిడ్ స్కీమ్ కాదంటున్నాడు, నిజమేనా?

హనుమకొండ అక్క:
మా తమ్ముడు బీటెక్ ఫైనల్ ఇయర్. వాళ్ళ సీనియర్ ఒకడు హోటల్ మీటింగ్‌కి తీసుకెళ్ళాడు. వచ్చినప్పటి నుంచి నాన్నని 12,000 అడుగుతున్నాడు. ‘ఇది గొలుసు స్కీమ్ కాదక్కా, ప్రొడక్ట్ ఇస్తారు, జీఎస్టీ బిల్లు ఇస్తారు, ఎంట్రీ ఫీజు లేదు’ అంటాడు. ప్రొడక్ట్ ఇచ్చే కంపెనీని పిరమిడ్ అని ఎలా తేలుస్తారు? ‘అన్నీ మోసాలే’ అని చెప్తే వాడు వినడు. కాస్త లెక్కతో చెప్పండి.

రైట్ టర్న్:
2021 డిసెంబర్‌లో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ తెచ్చింది కదండీ. అప్పటి నుంచి అంచెలంచెలుగా మనుషుల్ని చేర్చి అమ్మే ఎమ్మెల్ఎం పూర్తిగా లీగల్. ప్రొడక్ట్ లేకుండా డబ్బు తిప్పితేనే నేరం. ప్రొడక్ట్ ఉంది, బిల్లు ఉంది అంటే మీ తమ్ముడు చెప్పేదే కరెక్ట్. అనవసరంగా టెన్షన్ పడుతున్నారు.

వెంకన్న బాబాయ్:
చిట్టీ అయితే రిజిస్టర్ అయిందో లేదో చూసుకోమ్మా. రిజిస్టర్డ్ చిట్టీకి కాస్త భద్రత ఎక్కువ. మేము ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాం, పిల్లల పెళ్ళిళ్ళు దాంతోనే అయ్యాయి.

హనుమకొండ అక్క:
బాబాయ్, ఇది చిట్టీ కాదు. మనుషుల్ని చేర్పించే స్కీమ్.

పాత ఆడిటర్:
రైట్ టర్న్ గారూ, మీరు చెప్పింది సగమే. ఆ రూల్స్ డైరెక్ట్ సెల్లింగ్‌కి అనుమతి ఇచ్చిన మాట నిజం. పిరమిడ్ స్కీమునూ మనీ సర్క్యులేషన్‌నూ నిషేధించింది కూడా ఆ రూల్సే. కాబట్టి ఈ కంపెనీ ఆ గీతకి ఏ వైపు ఉందన్న ప్రశ్న అలాగే మిగిలింది. బిల్లు ఉండటం వల్ల అది తేలదు.

అమ్మా, ముందు ఆ ప్లాన్ కాగితం సంపాదించండి. మీటింగ్‌లో చూపించే కార్లు, చెక్కులు ఎందుకూ పనికిరావు. ఏం కొంటే చేరినట్టు, కమిషన్ ఏ సంఘటన మీద పుడుతుంది, ప్రతి నెలా ఏం కొనాలి, ఈ మూడూ ఇక్కడ రాయండి. మిగతాది లెక్కే.

హనుమకొండ అక్క:
తమ్ముడి ఫోన్లో పీడీఎఫ్ ఉంది. చూసి రాస్తున్నా. 12,000 పెట్టి ఒక ప్యాక్ కొంటే ఐడీ ‘యాక్టివేట్’ అవుతుంది. అందులో ప్రొటీన్ పౌడర్, ఏవో క్యాప్సూల్స్, కలబంద జ్యూస్, ఒక ఫేస్ క్రీమ్. తర్వాత ఎడమ వైపు ఒకళ్ళని, కుడి వైపు ఒకళ్ళని పెట్టాలి. ఎడమన ఒక ప్యాక్, కుడిన ఒక ప్యాక్ పడితే ఒక ‘పెయిర్’, దానికి 2,000. వాళ్ళ కింద చేరినవాళ్ళ ప్యాకులు కూడా మన పెయిర్లలోకి వస్తాయి. నెలనెలా 1,500 పెట్టి ఏదైనా కొనాలి, లేకపోతే ఆ నెల పెయిర్లు ‘ఫ్లష్’ అయిపోతాయని చిన్న అక్షరాల్లో ఉంది. వేరే కంపెనీలవి అలాంటి సరుకులే మా వీధి మెడికల్ షాపులో అడిగాను. నాలుగూ కలిపి మూడు వేలు దాటవన్నాడు.

పాత ఆడిటర్:
సగం పని మీరే చేశారు. ఇప్పుడు మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద గీయండి.

పైన వాడు. వాడి కింద ఇద్దరు, వాళ్ళ కింద నలుగురు, తర్వాత ఎనిమిది మంది, తర్వాత పదహారు మంది. ఎక్కడా ఖాళీ లేదు, రెండు వైపులా సమానంగా నిండింది. నిజంలో ఇంత చక్కగా ఎప్పుడూ రాదు, కానీ వాడికి అనుకూలంగానే లెక్క వేద్దాం. మొత్తం 31 మంది. కట్టింది 3,72,000.

అట్టడుగు 16 మంది కింద ఎవరూ లేరు, పెయిర్ లేదు, ఒక్క రూపాయి రాదు. వాళ్ళ పైన ఉన్న 8 మందికి ఒక్కో పెయిర్, తలా 2,000. ఆ పై నలుగురికి మూడేసి పెయిర్లు, తలా 6,000. ఆ పై ఇద్దరికి ఏడేసి, తలా 14,000. అన్నిటికన్నా పైన ఉన్న మీవాడికి 15 పెయిర్లు, 30,000. కూడండి. కంపెనీ పంచింది మొత్తం 98,000.

పెట్టిన 12,000 తిరిగి చేతికొచ్చింది 31లో ముగ్గురికి. వచ్చిన సరుకు విలువ మూడు వేలని కలుపుకున్నా, 6,000 వచ్చిన నలుగురికి ఇంకా 3,000 నష్టమే. అంటే 28 మంది మునిగారు. ఇందులో నెలనెలా కట్టే 1,500 నేను కలపనే లేదు.

ఇక్కడ అందరూ ‘జనాభా అయిపోతే ఆగిపోతుంది’ అంటారు. దానికి కుర్రాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది, ‘అంతవరకూ మనం సంపాదించుకోవచ్చు కదా’ అని. అసలు సంగతి జనాభా కాదు. కింద ఇంకో వరస వేయండి, ఇంకో వరస వేయండి, చెట్టు లక్ష మందికి చేరనివ్వండి. కింది మూడు వరసలు కలిపితే ఎప్పుడు లెక్కించినా మొత్తంలో ఎనిమిదిలో ఏడు వంతులకి తగ్గవు. స్కీమ్ పుట్టిన కొత్తలోనూ అంతే, ఊపు మీదున్నప్పుడూ అంతే. నష్టపోయేవాళ్ళ వాటా మొదటి రోజు నుంచే ప్లాన్‌లో రాసి ఉంది.

నైట్ షిఫ్ట్:
సర్, మీ లెక్క తప్పు కాదు గానీ అడుగున ఉన్నవాళ్ళు కష్టపడితే పైకి వస్తారు కదా. ఏ బిజినెస్‌లో అయినా కష్టపడనివాళ్ళు అడుగునే ఉంటారు.

పాత ఆడిటర్:
ఆ పదహారు మందీ రాత్రింబవళ్ళు తిరిగి తలా ఇద్దర్ని తెచ్చారనుకో. ఇప్పుడు అడుగున 32 మంది ఉన్నారు. వాళ్ళూ కష్టపడితే 64 మంది. కష్టం వల్ల ఒక మనిషి స్థానం మారుతుంది, అడుగు వరస మాత్రం ఇంకా వెడల్పవుతుంది. కిరాణా కొట్టువాడు కష్టపడితే అతని కస్టమర్ నష్టపోవాల్సిన పని లేదు నాయనా. ఇక్కడ కస్టమరే లేడు, ఉన్నవాళ్ళందరూ మీ అంత ఆశతో వచ్చినవాళ్ళే.

సత్తెనపల్లి మహాలక్ష్మి:
మీరందరూ ఒకే గాటన కట్టేస్తున్నారండీ. నేను ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. గిన్నెల లిక్విడ్, సబ్బులు, పిల్లలకి పౌడర్ అమ్ముతాను. మా కాలనీలో, మా ఆయన ఆఫీసులో వాడేవాళ్ళున్నారు. చేరడానికి నేను ఒక్క రూపాయి కట్టలేదు. కొన్న రేటుకీ ఎమ్మార్పీకీ మధ్య మిగిలేదే నా సంపాదన. నెలకి నాలుగైదు వేలు వస్తాయి, కోట్లేం రావు. నా కింద కొందరున్నారు, వాళ్ళు అమ్మితే నాకు కొంచెం కమిషన్ వస్తుంది. నన్ను కూడా మోసగత్తె అంటారా?

పాత ఆడిటర్:
అనను. మీరు చెప్పినదాంట్లో ముఖ్యమైన మాట ‘మా ఆయన ఆఫీసులో వాడేవాళ్ళు’. వాళ్ళకి మీ కంపెనీలో ఏ ఆశా లేదు, గిన్నెలు శుభ్రంగా తోముకుంటే చాలు. వాళ్ళ జేబులోంచి వచ్చిన డబ్బుతో మీ కమిషన్ నడుస్తుంటే అది అమ్మకం. ఈ అమ్మాయి తమ్ముడి ప్లాన్లో అలాంటి డబ్బు ఒక్క రూపాయైనా ఉందా చూడండి. పెయిర్ ఎప్పుడు పడుతుంది? కొత్త ఐడీకి ప్యాక్ కొన్నప్పుడు. బయటివాడికి క్రీమ్ అమ్మితే పెయిర్ పడదు.

నేను వాడే పరీక్ష ఒక్కటే. రేపటి నుంచి ఈ ఊళ్ళో ఒక్కడు కూడా కొత్తగా చేరడు అనుకోండి. మీకు నాలుగు వేలు వస్తూనే ఉంటాయి, గిన్నెలు రోజూ మాసిపోతాయి కాబట్టి. ఈ అమ్మాయి తమ్ముడికి వచ్చేది సున్నా.

డల్లాస్ డైరీస్:
ఇక్కడ మన తెలుగువాళ్ళ దగ్గర ఇది మామూలే భయ్యా. కాస్ట్‌కోలో ట్రాలీ తోసుకుంటూ వెళ్తుంటే ఎవరో ‘మీరు తెలుగా?’ అని నవ్వుతూ వస్తారు, పిల్లల స్కూల్ గురించి అడుగుతారు, నంబర్ తీసుకుంటారు. వారం తర్వాత ‘ఒక మెంటార్‌ని కలవండి’ అని ఫోన్. కంపెనీ పేరు మూడో మీటింగ్ దాకా చెప్పరు.

మహాలక్ష్మి గారూ, మీరు అడిగినదాని మీదే ఇక్కడ పెద్ద కేసు నడిచింది. 2016లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెర్బలైఫ్ అనే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ మీద వేసింది. కోర్టు తీర్పు దాకా వెళ్ళలేదు, రాజీ అయింది. కంపెనీ 20 కోట్ల డాలర్లు కట్టింది. అంతకంటే ముఖ్యం రాజీ షరతు: పైవాళ్ళకి ఇచ్చే కమిషన్‌లో కనీసం మూడింట రెండు వంతులు బయటి కస్టమర్లకి జరిగిన, రికార్డులో చూపించగల అమ్మకాల మీదే ఉండాలి. డిస్ట్రిబ్యూటర్లు తమ ఇంట్లో వాడుకోవడానికి కొన్న సరుకు మీద మూడో వంతు మించకూడదు. డిస్కౌంట్ కోసం మాత్రమే చేరినవాళ్ళనీ, బిజినెస్ చేద్దామని చేరినవాళ్ళనీ విడగొట్టి లెక్క పెట్టమన్నారు.

కోర్టు మెట్లు:
నేను హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తాను. ఆ రెండు వంతుల లాంటి కొలత మన 2021 రూల్స్‌లో లేదు. ఇబ్బందంతా అక్కడే వస్తోంది.

మనకి ఉన్న గట్టి చట్టం పాతది, 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. సభ్యుల చేరికతో ముడిపడిన సంఘటన జరిగితే డబ్బిస్తానని మాటిచ్చి డబ్బు తీసుకోవడం దాని నిర్వచనంలోకి వస్తుంది. ఆ నిర్వచనంలోనే ఇంకో మాట ఉంది. పంచే డబ్బు సభ్యుల ప్రవేశ రుసుములోంచి వచ్చిందా లేదా అన్నదానితో పని లేదు అని. అందుకని ‘ఎంట్రీ ఫీజు లేదు, ప్యాక్ మాత్రమే కొంటున్నాం’ అన్న వాదన మీటింగ్ హాల్లో పనికొస్తుందేమో గానీ ఈ చట్టం ముందు నిలవడం కష్టం.

రైట్ టర్న్:
అయితే అన్ని కంపెనీలూ మూసేయాలిగా? పెద్ద పెద్దవి బాహాటంగా నడుస్తున్నాయే. నన్ను చేర్పించిన మా అప్‌లైన్ అయితే వినియోగదారుల శాఖ లిస్టులో కంపెనీ పేరు కూడా చూపించారు.

కోర్టు మెట్లు:
డైరెక్ట్ సెల్లింగ్ మీద కేంద్రం ఇచ్చిన 2016 మార్గదర్శకాల తర్వాత శాఖ పెట్టిన లిస్టు అయితే, అది మేము నిబంధనలు పాటిస్తామని కంపెనీలే రాసిచ్చిన హామీపత్రాల జాబితా. ప్లాన్ చదివి శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

పెద్ద కంపెనీల మాటకొస్తే, మన హైకోర్టే చూసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీఐడీ దర్యాప్తు మీద ఆమ్‌వే స్వయంగా హైకోర్టుకి వెళ్ళింది. మావి నాణ్యమైన సరుకులు, మేము చేసేది అమ్మకం అని వాదించింది. 2007 జులైలో కోర్టు ఒప్పుకోలేదు, ఆ స్కీమ్ ప్రాథమికంగా 1978 చట్టం నిర్వచనంలోకి వస్తుందని చెప్పి దర్యాప్తు ఆపడానికి నిరాకరించింది. సరుకు ఉన్నంత మాత్రాన బయటపడరన్నది అప్పటి నుంచీ మన దగ్గర ఉన్న మాట. అది దర్యాప్తు దశలో చెప్పింది, శిక్ష వేసిన తీర్పు కాదు. ఆ తర్వాత 2021 రూల్స్ వచ్చి, బహుళ అంచెల అమ్మకాన్ని ఒక పద్ధతిలో ఒప్పుకున్నాయి. ఆ పాత వ్యాఖ్యానం, ఈ కొత్త రూల్స్ పక్కపక్కన ఎలా ఇముడుతాయన్న దాని మీద మా బార్ రూమ్‌లోనే నలుగురిది నాలుగు మాటలు. నా మటుకు నాకు, మహాలక్ష్మి గారి లాంటి వాళ్ళు క్షేమం, పెయిర్ ప్లాన్ వాళ్ళు కాదు.

అక్కగారూ, ఇంకో సంగతి. ఆ చట్టం మూడో సెక్షన్ స్కీమ్ నడిపేవాడితో ఆగదు. సభ్యుడిగా ఎవరినైనా చేర్చడం, తానే పాల్గొనడం కూడా నిషేధం కిందికే వస్తాయి. శిక్ష మూడేళ్ళ వరకూ ఉంది. మీ తమ్ముడు చేరిన రోజున బాధితుడు. ఇద్దరు క్లాస్‌మేట్లని చేర్చిన రోజు నుంచి వాళ్ళ తల్లిదండ్రులు ఫిర్యాదులో రాసే పేరు అతనిదే.

పేరు వద్దు:
ఆ చివరి మాట నా విషయంలో జరిగింది. కంపెనీ పేరు చెప్పను. నాకు ఇచ్చిన ‘ప్రొడక్ట్’ హాలిడే వోచర్. మూడు రాత్రులు, ఇద్దరికి. బుక్ చేద్దామని కాల్ చేస్తే పండగలకి, వీకెండ్‌కి కుదరదన్నారు. మామూలు రోజుల్లో అడిగితే ‘యుటిలిటీ చార్జీ’ కట్టాలన్నారు. ఆ చార్జీకి అదే ఊళ్ళో నేరుగా లాడ్జి దొరుకుతుంది. వోచర్ గడువు అలాగే అయిపోయింది. ఆ వోచర్‌ని విడిగా ఎవరికైనా అమ్మగలనా అని అప్పుడు ఆలోచించి ఉంటే సరిపోయేది, సగం రేటుకి కూడా ఎవరూ కొనరు.

డబ్బు పోతే పోయింది. నా రూమ్‌మేట్‌ని చేర్పించాను. వాడు వాళ్ళ బావని చేర్పించాడు. వాడి అక్క ఇప్పటికీ నాతో మాట్లాడదు. మీటింగ్‌లో ‘మీకు కావాల్సినవాళ్ళు వంద మంది పేర్లు రాయండి’ అని ఒక లిస్టు రాయిస్తారు. అందులో మొదటి పది పేర్లు ఇంట్లోవాళ్ళవి, స్నేహితులవి. వాళ్ళు మనకి ‘నో’ చెప్పలేరు, పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళలేరు. ఇన్ని వేల మంది నష్టపోయినా కేసులు అంత తక్కువ ఎందుకో దాంతో నాకు అర్థమైంది.

నైట్ షిఫ్ట్:
ఆ లిస్టు నాతోనూ రాయించారు. ఇంకా ఎవరికీ ఫోన్ చేయలేదు.

హనుమకొండ అక్క:
నిన్న రాత్రి కాగితం మీద లెక్క వేయించాను. 31 మంది దాకా గీసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘మా ప్రొడక్ట్ మంచిది, బయట కూడా అమ్మొచ్చు’ అన్నాడు. సరే, వాళ్ళ సీనియర్‌కి స్పీకర్‌లో ఫోన్ చేయించాను. ‘మా అమ్మకి ఒక్క ప్రొటీన్ డబ్బా కావాలి, ఎవరూ చేరరు, డబ్బిస్తాం, బిల్లివ్వు’ అన్నాను. ‘ఐడీ లేకుండా బిల్లు కొట్టదక్కా సిస్టమ్, అమ్మ పేరు మీద ఐడీ తీసేద్దాం, మీ తమ్ముడికి లెఫ్ట్‌లో పడుతుంది’ అన్నాడు. తమ్ముడు ఫోన్ తీసుకుని కట్ చేశాడు.

కానీ ఒక చిక్కుంది. వాడు పోయిన సోమవారమే ఫ్రెండ్స్ దగ్గర అప్పు తెచ్చి 5,000 అడ్వాన్స్ కట్టేశాడట, ఇప్పుడు చెప్పాడు. అదీ కంపెనీ అకౌంట్‌కి కాదు, సీనియర్ ఫోన్‌పేకి. ప్యాక్ ఇంకా రాలేదు. వెనక్కి వస్తుందా?

కోర్టు మెట్లు:
వస్తుందని హామీ ఇవ్వను గానీ దారి ఉంది. 2021 రూల్స్ ప్రకారం చేరేవాళ్ళతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, జరిమానా లేకుండా వెనక్కి తప్పుకునే గడువూ ఇవ్వాలి. మీవాడు ఏమీ సంతకం పెట్టలేదంటే కంపెనీ ‘మాకు ఆ డబ్బు అందలేదు, ఆయనెవరో మాకు తెలీదు’ అంటుంది. సీనియర్ పర్సనల్ అకౌంట్‌కి వేయించుకునేది తరచూ అందుకే. కాబట్టి ముందు సీనియర్‌కి వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: ‘ఫలానా తేదీన ప్యాక్ కోసం 5,000 పంపాను, నాకు వద్దు, తిరిగి పంపు’ అని. ఫోన్లో మాట్లాడొద్దు. ‘కంపెనీకి కట్టేశాను’ అని వాడు జవాబిస్తే ఆ ఒక్క మెసేజ్‌తో కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టొచ్చు, పేరు వెబ్‌సైట్‌లో ఉండాలి. పేమెంట్ స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, మీటింగ్ పిలుపు మెసేజ్ డిలీట్ చేయకుండా దాచండి. కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత పోలీసులు. మీవాడు ఇంకా ఎవర్నీ చేర్చలేదు కాబట్టి భయపడకుండా వెళ్ళొచ్చు.

రైట్ టర్న్:
ఐడీ లేకుండా బిల్లు రాదన్నది ఒక్క కంపెనీ సిస్టమ్ విషయం. దాన్ని బట్టి అన్నిటినీ తేల్చేయలేం. క్లబ్బుల్లో, హోల్‌సేల్ మాల్స్‌లో కూడా మెంబర్‌షిప్ కార్డు లేకుండా అమ్మరు.

పాత ఆడిటర్:
మంచి పాయింటే. అయితే హోల్‌సేల్ మాల్‌లో నా కార్డు వల్ల నాకు కార్డు ఇప్పించినవాడికి రెండు వేలు రావు.

సత్తెనపల్లి మహాలక్ష్మి:
నాకు మాత్రం డల్లాస్ ఆయన చెప్పిన మూడో వంతు సంగతి నచ్చలేదండీ. నా కింద ఉన్నవాళ్ళలో చాలామంది డిస్కౌంట్ కోసం ఐడీ తీసుకున్నవాళ్ళే. ఎవర్నీ చేర్చరు, ఇష్టపడి కొంటారు. వాళ్ళ కొనుగోలుని ‘లోపలి అమ్మకం’ అని తగ్గించి చూడటం అన్యాయం కాదా?

డల్లాస్ డైరీస్:
అందుకే వాళ్ళని విడగొట్టమన్నారండీ. ఎవర్నీ చేర్చే హక్కు లేని, నెలవారీ కొనుగోలు షరతు లేని ఐడీ అయితే అతను కస్టమర్ లెక్కలోకే వస్తాడు. మీ కంపెనీలో ఆ రెండు రకాల ఐడీలూ విడిగా ఉన్నాయా?

సత్తెనపల్లి మహాలక్ష్మి:
లేవు. అందరికీ ఒకే రకం ఐడీ. అయినా నా వాళ్ళు కస్టమర్లేనండీ, అది నాకు తెలుసు.

పాత ఆడిటర్:
మీకు తెలుసు, నేనూ నమ్ముతాను. కానీ కంపెనీ పుస్తకాల్లో మీ కస్టమరూ, నెల టార్గెట్ కోసం కొని మంచం కింద డబ్బాలు పేర్చుకున్నవాడూ ఒకేలా కనిపిస్తారు. నాలాంటివాడు ఆ పుస్తకం చూసి రెండింటినీ ఎలా వేరు చేయాలో మీరే చెప్పండి.